ఒక అవుట్ ఖరీదెంత?

బేస్‌బాల్‌లో మూడు అవుట్లు పడితే జట్టు బ్యాటింగ్ వంతు అయిపోతుంది. ఆలోగా రన్నర్ మూడు బేస్‌లూ దాటి హోమ్ ప్లేట్ చేరితేనే ఒక పరుగు. ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉన్నాడు, ఇంకా ఒక్క అవుటూ పడలేదు అనుకుందాం. అప్పుడు తర్వాతి బ్యాటర్ బంతిని బలంగా కొట్టకుండా, బ్యాట్ అడ్డం పెట్టి మెల్లగా ముందుకు దొర్లించవచ్చు. దీన్నే బంట్ అంటారు. ఫీల్డర్లు ఆ బంతిని అందుకుని అతన్ని అవుట్ చేసేలోగా రన్నర్ సెకండ్ బేస్ చేరతాడు. ఒక అవుట్ వదులుకుని ఒక బేస్ కొనుక్కున్నట్టు. ఈ బేరం లాభమా?

దీన్ని అంకెల్లో తేల్చిన తొలి వాళ్లలో కెనడా పరిశోధకుడు జార్జ్ లిండ్సే ఒకరు. ఆయన తండ్రి రేడియోలో మ్యాచ్‌లు వింటూ, ప్రతి బంతికి ఏం జరిగిందో ఓపిగ్గా రాసిపెట్టాడు. ఆ వివరాలతో లిండ్సే 1963లో ‘ఆపరేషన్స్ రీసెర్చ్’ పత్రికలో తన వ్యాసం వెలువరించాడు.

పద్ధతి సులువే. ఏ బేస్‌ల మీద రన్నర్లున్నారన్నది ఎనిమిది రకాలు. అవుట్లు సున్నా, ఒకటి, రెండు. మొత్తం 24 పరిస్థితులు. ఒక్కో పరిస్థితి ఎదురైన ప్రతిసారీ, అక్కణ్ణుంచి ఆ వంతు ముగిసేదాకా ఎన్ని పరుగులు వచ్చాయో లెక్కపెట్టి సగటు తీస్తారు. క్రికెట్‌లో మిగిలిన ఓవర్లనీ వికెట్లనీ బట్టి జట్టు ఇంకా ఎంత చేయగలదో చెప్పే డక్‌వర్త్-లూయిస్ పట్టికకు ఇది దగ్గరి చుట్టం.

అమెరికా మేజర్ లీగ్‌లో 2010-15 మధ్య ఆటల పట్టిక చూద్దాం. ఫస్ట్ బేస్ మీద రన్నర్, అవుట్లు లేవు: సగటున 0.86 పరుగు. సెకండ్ బేస్ మీద రన్నర్, ఒక అవుట్: 0.66. అంటే బంట్ అనుకున్నట్టే కుదిరినా జట్టు ఐదో వంతు పరుగు పోగొట్టుకుంది. ముందుకు జరిగిన బేస్ కన్నా వదులుకున్న అవుట్ ఖరీదైనది.

అయితే సగటు పరుగులే ఎప్పుడూ ప్రశ్న కాదు. ఒక్క పరుగుతో ఆట గెలిచేటప్పుడు చూడాల్సింది రెండో పట్టిక: కనీసం ఒక పరుగు వచ్చే అవకాశం ఎంత? 2020 నుంచి అదనపు ఇన్నింగ్స్‌లో సెకండ్ బేస్ మీద రన్నర్‌తోనే వంతు మొదలవుతోంది. స్కోరు సమానంగా ఉండి, చివర బ్యాటింగ్ చేసే సొంత ఊరి జట్టుకు అప్పుడు ఒక పరుగొచ్చే అవకాశం 61 శాతం. బంట్‌తో రన్నర్ థర్డ్ బేస్ చేరి ఒక అవుట్ పడితే అది 66కి పెరుగుతుంది. కానీ ఫీల్డర్లు బ్యాటర్‌ను వదిలేసి రన్నర్‌నే అవుట్ చేశారంటే 27కి పడిపోతుంది. ఈ రెండు ఫలితాలనే లెక్కలోకి తీసుకుంటే, నూటికి 87 సార్లకు పైగా కుదిరితేనే ఆ బంట్ గిట్టుబాటు.

స్టీల్ లెక్కా ఇదే దారిలో నడుస్తుంది. పిచర్ బంతి వేసే అదనులో ఫస్ట్ బేస్ రన్నర్ సెకండ్‌కి పరుగెత్తడమే స్టీల్. అవుట్లు లేనప్పుడు నెగ్గితే 0.86 కాస్తా 1.10 అవుతుంది. దొరికిపోతే బేస్‌లు ఖాళీ, ఒక అవుట్, మిగిలేది 0.25. వచ్చేది పావు పరుగు, పోయేది దానికి రెండింతల పైమాటే. కాబట్టి నూటికి 72 సార్లయినా నెగ్గలేని రన్నర్ ఎంత వేగంగా ఉన్నా జట్టుకు నష్టమే.

2004 అక్టోబర్ 17న బోస్టన్ రెడ్ సాక్స్‌కు ఆ లెక్క మారింది. న్యూయార్క్ యాంకీస్‌తో సిరీస్‌లో 0-3తో వెనకబడి, నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 3-4తో ఓటమి అంచున ఉంది. అవుట్లు లేవు. ఫస్ట్ బేస్ మీదికి రన్నర్‌గా డేవ్ రాబర్ట్స్‌ను దింపారు. కావలసింది ఒక్క పరుగు. 2010-15 పట్టికతోనే కొలిస్తే, ఆ పరుగొచ్చే అవకాశం అప్పటికి 42 శాతం. స్టీల్ నెగ్గితే 61, దొరికితే 16. నూటికి 58 సార్లు నెగ్గగలిగితే చాలు. రాబర్ట్స్ ఆ సీజన్‌లో 41 సార్లు ప్రయత్నించి 38 సార్లు నెగ్గినవాడు. అతను స్టీల్ చేశాడు. తర్వాత బిల్ మ్యూలర్ కొట్టిన హిట్‌తో స్కోరు సమమైంది. బోస్టన్ ఆ మ్యాచ్‌నే కాదు, సిరీస్‌నీ గెలిచింది.

పట్టిక సగటు ఆటగాడి మీద కట్టినదని మరవకూడదు. వచ్చే బ్యాటర్ బలహీనుడైతే అతని అవుట్ ఖరీదు తగ్గి, బంట్ అంత నష్టం కాదు. వెనకాల హోమ్ రన్ వీరుడుంటే స్టీల్‌కు తెగించాల్సిన అవసరం తగ్గుతుంది, ఎందుకంటే రన్నర్ ఫస్ట్ బేస్ మీదున్నా హోమ్ రన్‌తో ఇంటికి చేరతాడు. కాలాన్ని బట్టి పరుగులు పెరిగినా తగ్గినా అంకెలన్నీ కదులుతాయి. గిట్టుబాటు గీత ఎక్కడుందో పట్టిక చూపిస్తుంది. ఈ పిచర్ మీద, ఈ క్యాచర్ విసురు మీద తన రన్నర్ ఆ గీత దాటగలడా అన్నది మేనేజరే అంచనా కట్టాలి.