కొత్త తేదీ ఎక్కడినుంచి వస్తుంది?

వర్జీనియాలో డల్లెస్ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న ఊరు షాంటిలీ. ప్రభుత్వ శాఖలకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే కాంట్రాక్టు కంపెనీలు అక్కడ బోలెడు, వాటిలో పనిచేసే తెలుగువాళ్లూ తక్కువేమీ కాదు. వాళ్లలో ఎవరికో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు తప్పని పని, గడువు దాటుతున్నామని క్లయింటుకు మెయిల్ రాయడం. అందులో కష్టమంతా క్షమాపణ దగ్గర ఉండదు, కొత్త తేదీ దగ్గరే ఉంటుంది. మొదటి ఆలస్యాన్ని క్లయింట్ ఓర్చుకుంటాడు. రెండోసారి తేదీ మారిస్తే, ఆ తర్వాత మనం చెప్పే ఏ తేదీనీ నమ్మడు.

పని ఎప్పటికి అవుతుందో ఊహించడంలో మనిషి బుద్ధి ఒకే వైపు పొరబడుతుంది. ఈ ధోరణిని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే గుర్తించారు. 1994లో బ్యూలర్, ఆయన సహచరులు కొందరు విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు, పట్టింది 55 పైచిలుకు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగినప్పుడు కూడా వాళ్లు చెప్పింది 49 లోపే. అంటే భయపడి వేసిన అంచనా కూడా చాల్లేదు. అందుకే కొత్త తేదీని ఊహించకూడదు, జరుగుతున్న పని వేగాన్ని కొలిచి లెక్కగట్టాలి.

ఒక ఊహా ప్రాజెక్టు తీసుకుందాం. ఒక ప్రభుత్వ కార్యాలయంలోని 60 లక్షల పాత రికార్డులను అక్టోబర్ 5 నాటికి కొత్త సిస్టమ్‌లోకి మార్చాలి. పరీక్షకు 10,000 రికార్డులు వాడితే అన్నీ సాఫీగా వెళ్లాయి. సెప్టెంబర్ మొదట్లో మొత్తం డేటాతో రిహార్సల్ చేస్తే 2,40,000 తిరిగొచ్చాయి. చూస్తే, పరీక్షకు తీసుకున్నవన్నీ ఇటీవలి రికార్డులే. పాతవాటిలో సంవత్సరానికి రెండే అంకెలున్నాయి, కొన్నింట్లో పుట్టినతేదీ ఖాళీ. వీటిలో 2,00,000 స్క్రిప్ట్‌తో సరిపోతాయి. మిగతా 40,000 మాత్రం క్లయింట్ గుమాస్తాలు కాగితం తీసి చూస్తేగానీ తేలవు. ఇద్దరు గుమాస్తాలు కలిసి మూడు రోజులపాటు చేస్తే రోజుకు 1,600 చొప్పున తేలాయి. ఆ మూడు రోజుల్లో తేలినవి తీసేయకుండా లెక్కిస్తే 25 పనిరోజులు. సెప్టెంబర్ 14న మొదలుపెడితే అక్టోబర్ 19కి గుమాస్తాల పని మాత్రమే అవుతుంది. ఆపైన మళ్లీ రిహార్సల్‌కు మూడు రోజులు, క్లయింట్ తనిఖీకి ఐదు. అంటే గో-లైవ్ నవంబర్‌కు జారింది. ఈ కొలత లేకుండా ‘రెండు వారాలు’ అని రాసేస్తే ఇక్కడే రెండో వాయిదా పుడుతుంది.

మనుషుల్ని పెంచుదామా? ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు కొత్తవాళ్లను చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాశాడు. అయితే కొత్తవాళ్లకు నేర్పాల్సిన, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ చేయాల్సిన పనికే ఆ మాట బాగా వర్తిస్తుంది. కాగితాలు పంచుకుని చూసే పనికి అంతగా కాదు. ఇక్కడి చిక్కు వేరు: ఆ కాగితాలు తెలిసిన గుమాస్తాలు క్లయింట్ దగ్గర ఇద్దరే ఉన్నారు. కాబట్టి కోయాల్సింది పనినే. ఆ 40,000లో ఇప్పుడు నడుస్తున్న కేసులవి 12,000. వాటిని ముందు చూస్తే ఎనిమిది పనిరోజుల్లో, సెప్టెంబర్ 23కి ముగుస్తాయి. రిహార్సల్, తనిఖీ కలిపి అక్టోబర్ 5. ఆపైన నాలుగు పనిరోజులు వెసులుబాటు. అక్టోబర్ 12 సోమవారం సెలవు గనుక, ఆ మూడు రోజుల విరామంలో సిస్టమ్ మార్చేయవచ్చు.

మెయిల్ తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. సబ్జెక్టులోనే తేదీ ఉండాలి.

“గో-లైవ్: అక్టోబర్ 5 నుంచి అక్టోబర్ 13కు

ఉదయం ఫోన్‌లో చెప్పిన విషయమే ఇది. పూర్తి రిహార్సల్‌లో 2,40,000 రికార్డులు తిరస్కరణకు గురయ్యాయి. మా పరీక్షలో పాత రికార్డులు చేర్చకపోవడం వల్ల ఇది ముందే బయటపడలేదు, అది మా లోపం. నడుస్తున్న కేసులన్నీ 13వ తేదీకి కొత్త సిస్టమ్‌లో ఉంటాయి. మిగిలిన 28,000 పాత సిస్టమ్‌లోనే చూడటానికి అందుబాటులో ఉంటాయి, అక్టోబర్ 19కల్లా సరిచేసి, రిహార్సల్, తనిఖీ అయ్యాక మారుస్తాం. మీ ఇద్దరు గుమాస్తాలు సెప్టెంబర్ 14 నుంచి పూర్తిగా ఈ పనిమీదే ఉండాలి. రోజుకు 1,600 కంటే తగ్గితే అదే సాయంత్రం మీకు తెలియజేస్తాం.”

ఆ చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. తేదీ ఏ వేగంమీద నిలబడిందో క్లయింటుకు తెలిస్తే, అది మళ్లీ జారుతోందన్న సంగతి ముందే కనిపిస్తుంది. గుమాస్తాలు సెలవు పెడితే మాట్లాడుకోవడం కూడా తేలిక.

ఫెడరల్ కాంట్రాక్టయితే ఇంకో మెలిక. రోజూ మనతో మాట్లాడే ప్రభుత్వ ప్రతినిధి ‘సరే, 13 బాగుంది’ అని జవాబిచ్చినంత మాత్రాన గడువు మారదు. మార్చే అధికారం కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌ది, మార్పు రాతపూర్వకంగా రావాలి. అప్పటిదాకా కాగితం మీద గడువు అక్టోబర్ 5గానే ఉంటుంది. అందుకే మెయిల్ ఆయనకూ వెళ్లాలి, గడువు సవరణ కోరుతున్నామని అందులో విడిగా రాయాలి.