విజిల్ లేని కుక్కర్లో ముద్దపప్పు

నాన్నా,

మనింట్లో కందిపప్పు మూడు విజిల్స్‌కి మెత్తగా ఉడుకుతుంది. నీ గదిలో ఉన్న చిన్న రైస్ కుక్కర్ అలాంటిది కాదు. మూతకున్న చిల్లులోంచి ఆవిరి బయటికి పోతుంది కాబట్టి లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటవు. ప్రెషర్ కుక్కర్లో 120 దాకా వెళ్తాయి. అందుకే నీకు పప్పు ఉడకడానికి ముప్పావు గంట పడుతుంది. తొందరపడకు.

ముందు పప్పే వండు. కుక్కర్‌తో వచ్చిన కప్పుతో అర కప్పు కందిపప్పు కడిగి, వేడినీళ్లలో గంటసేపు నానబెట్టు. ఆ నీళ్లు పారబోసి, రెండు కప్పుల మంచినీళ్లు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేసి స్విచ్ నొక్కు. పప్పు పొంగుతుంది. నూనె ఆ నురగను కొంత అణుస్తుంది, కానీ పూర్తిగా ఆపదు. మూత కింద ఒక చెక్క గరిట అడ్డం పెట్టి సందు ఉంచు. గిన్నె సగానికి మించి ఎప్పుడూ నింపకు. పొంగిన నీళ్లు కిందికి దిగితే స్విచ్ పాడవుతుంది.

ఒక సంగతి గుర్తుపెట్టుకో. అన్నం ఉడికిందా లేదా అనేది ఆ స్విచ్‌కి తెలియదు. నీళ్లు ఇంకిపోయి గిన్నె అడుగు 100 దాటి వేడెక్కితే టక్కుమని వార్మ్‌లోకి పడుతుంది, అంతే. పప్పులో నీళ్లు మిగిలి ఉన్నంతసేపూ అది పడదు, నువ్వే ఆపాలి. పప్పు పలుకుగా ఉండగానే పడిందంటే నీళ్లు చాలలేదన్నమాట. అర కప్పు వేడినీళ్లు పోసి మళ్లీ నొక్కు. ఒక బద్దను వేళ్ల మధ్య నలిపి చూడు, మధ్యలో గట్టి పలుకు తగలకూడదు. అప్పుడు స్టీలు గిన్నెలోకి వంచి, ఉప్పు వేసి గరిటతో మెదిపి మూతపెట్టు. కుక్కర్ గిన్నెలోనే మెదిపితే దాని పూత గీసుకుపోతుంది. చింతపండు, టమాటా వేయాలనిపిస్తే పప్పు మెత్తబడ్డాకే వెయ్యి. ముందే వేస్తే ఆ పులుపుకి పప్పు ఉడకదు.

టైము లేని రోజు పెసరపప్పు వండుకో. నానబెట్టక్కర్లేదు, అరగంటలోపే ఉడుకుతుంది.

ఇక గిన్నె కడిగి అన్నం పెట్టు. సోనామసూరి కప్పుకి రెండు కప్పుల నీళ్లు. ఆ కప్పు 180 మిల్లీలీటర్లే, మన గ్లాసు కాదు. బియ్యం, నీళ్లు రెండూ దాంతోనే కొలువు. స్విచ్ పడ్డాక పది నిమిషాలు మూత తియ్యకు, పైమెతుకులు కూడా మగ్గుతాయి.

తాలింపు జోలికి పోకు, పొగకి హాస్టల్ అలారం మోగుతుంది. ముద్దపప్పుకి తాలింపుతో పనిలేదు, నెయ్యీ ఆవకాయా ఉంటే చాలు.

మిగిలిన అన్నం రాత్రంతా బయట ఉంచకు. మళ్లీ వేడిచేసినా పోని విషం అందులో పుట్టొచ్చు. గంటలోపే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టు, మర్నాడే తినెయ్యి.

అమ్మ