ఫొటోలో అతుక్కుపోయిన జుట్టుకు ఒత్తు ఎలా వస్తుంది?

ఫ్లాష్ వేసి తీసిన ఫొటోల్లో ముఖం బాగానే పడుతుంది, చీర రంగు బాగానే పడుతుంది, జుట్టు మాత్రం తలకు నల్లరంగు పూసినట్టు ఉంటుంది. ఎదురుగా చూసినప్పుడు ఒత్తుగా, నిగనిగలాడుతూ ఉన్న జుట్టే ఫొటోలో నెత్తికి అతుక్కుపోతుంది. తప్పు జుట్టుది కాదు, వెలుగు వచ్చిన దిక్కుది. కెమెరా మీద ఉన్న ఫ్లాష్ లెన్సు చూసే వైపే వెలుగు కొడుతుంది. పాయల నీడలు పాయల చాటునే పడి, కెమెరాకు కనబడకుండా పోతాయి. నీడ కనబడకపోతే కంటికి లోతు తెలియదు.

పోయిన ఆ వెలుగునీడలను ఫొటో తీశాక చేత్తో మళ్లీ దిద్దే పనిని స్టూడియోల్లో డాడ్జ్ అండ్ బర్న్ అంటారు. డాడ్జ్ అంటే తేలిక చేయడం, బర్న్ అంటే ముదర చేయడం. ఇది కంప్యూటర్‌తో పుట్టిన పని కాదు. డార్క్‌రూమ్‌లో కాగితం మీద ప్రింటు వేసేటప్పుడు తీగకు అతికించిన అట్టముక్కను వెలుగుకు అడ్డం పెట్టి ఆడిస్తే ఆ భాగం తేలిగ్గా వచ్చేది. చేతి వేళ్ల సందులోంచి అదనంగా వెలుగు పోనిస్తే ఆ భాగం ముదిరేది. ఫొటోషాప్‌లో డాడ్జ్ పరికరానికి పుల్లకు గుచ్చిన బిళ్ల, బర్న్‌కు పిడికిలి పట్టిన చెయ్యి బొమ్మలుగా ఉండటం అందుకే. ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ ప్రింట్లలో ఆకాశం అంత నల్లగా ఉండటం వెనకా ఈ పనే ఉంది.

అయితే జుట్టును దిద్దేవాళ్లు ముందు తెలుసుకోవలసింది పరికరం గురించి కాదు, జుట్టు మీద వెలుగు ఎలా నిలుస్తుందో దాని గురించి. నల్ల దారపు రీలును కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. దారం రీలు చుట్టూ తిరిగి ఉంటుంది, కానీ దాని మీది మెరుపు దారం వెంట పోదు. దారాలన్నిటినీ అడ్డంగా కోస్తూ ఒక చారగా నిలుస్తుంది. జుట్టూ అంతే. ప్రతి వెంట్రుకా సన్నటి కడ్డీ లాంటిది, అవన్నీ పక్కపక్కనే ఒకే వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపులో వెలుగుకు సరైన కోణం దొరికిన చోట వెంట్రుకలన్నీ ఒక్కసారిగా మెరుస్తాయి. అందుకే దువ్వి వదిలిన జుట్టు మీద మెరుపు ఒక పట్టీలా, వెంట్రుకల దిశకు అడ్డంగా కనబడుతుంది. ఈ పట్టీ ఎక్కడుందో, దానికి అటూ ఇటూ ఎంత త్వరగా నల్లబడుతోందో చూసే మన కన్ను తల గుండ్రంగా ఉందని, జుట్టు లేచి ఉందని నిర్ణయించుకుంటుంది. జుట్టుకు ఒత్తు తేవడమంటే ఆ పట్టీని దాని చోట నిలబెట్టి, లోతు ఉండవలసిన చోట నీడ తిరిగి పెట్టడమే. వెంట్రుకలు లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్కదాన్నీ తెల్లచేసేవాళ్లు గంటలు గడిపినా జుట్టు లేవదు, గీతలు మాత్రం పెరుగుతాయి.

పని మొదలుపెట్టే ముందు అసలు ఫొటో మీద చెయ్యి వేయకుండా ఒక పొర వేసుకోవాలి. ఫొటోషాప్‌లో Shift+Ctrl+N నొక్కి, వచ్చిన పెట్టెలో Mode దగ్గర Soft Light ఎంచుకుంటే, కిందే సగం బూడిదరంగుతో నింపమనే గడి కనబడుతుంది. దానికి టిక్కు పెట్టాలి. ఈ మోడ్‌లో సరిగ్గా సగం బూడిదరంగు ఫొటోను ఏమీ మార్చదు. ఆ బూడిద మీద తెల్లరంగు పూస్తే కింద ఫొటో తేలికవుతుంది, నల్లరంగు పూస్తే ముదురుతుంది. నచ్చకపోతే మళ్లీ బూడిదరంగు పూస్తే చాలు, అసలు బొమ్మ చెక్కుచెదరదు.

ఇక బ్రష్. Hardness సున్నాకు తేవాలి. అంచు పొగమంచులా కరిగిపోవాలి, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకూడదు. Opacity నూరు శాతం ఉంచి, Flow మాత్రం 3 శాతం దగ్గర పెట్టాలి. ఈ రెంటికీ తేడా తెలియక చాలామంది తడబడతారు. Opacity ఒక్క గీతలో రంగు ఎంత వరకు చేరవచ్చో హద్దు పెడుతుంది. Flow బ్రష్ నుంచి రంగు ఎంత కొద్దికొద్దిగా దిగాలో చెబుతుంది; అదే చోట మళ్లీమళ్లీ రాసేకొద్దీ రంగు పేరుకుంటుంది. జుట్టుకు కావలసింది ఈ పేరుకోవడమే. 3 శాతంతో ఒకసారి రాస్తే తేడా కంటికి ఆనదు, ఏడెనిమిది సార్లు రాశాక మెల్లగా తేలుతుంది. X నొక్కితే తెలుపు నలుపులు తారుమారవుతాయి, కాబట్టి బ్రష్ వదలకుండానే వెలుగు నుంచి నీడకు మారవచ్చు. పెన్ టాబ్లెట్ ఉంటే మేలు, Flow ఇంత తక్కువగా పెట్టుకుంటే మౌస్‌తోనూ జరిగిపోతుంది.

ఒక ఫొటో తీసుకుందాం. నిశ్చితార్థం రోజు తీసిన అమ్మాయి బొమ్మ; నిలువు ఫొటో, 24 మెగాపిక్సెళ్ల కెమెరా. నడుమ పాపిడి, జుట్టు రెండు భుజాల మీదికి వదిలి ఉంది. తల వెడల్పు ఫొటోలో దాదాపు 1200 పిక్సెళ్లు. కెమెరాను నిలువుగా తిప్పినప్పుడు దాని మీది ఫ్లాష్ కూడా పక్కకు వాలుతుంది. అందుకే ఈ బొమ్మలో మన ఎడమవైపు జుట్టు కాస్త వెలుగ్గా, కుడివైపు కాస్త మసకగా ఉంది. కంటిపాపల్లో మెరుపు చుక్క, ముక్కు పక్క నీడ కూడా ఇదే చెబుతున్నాయి. ఈ తేడాను చెరపకూడదు, పెంచాలి. ముఖం మీద వెలుగు ఒకవైపు నుంచి వస్తూ, జుట్టు మీద మరోవైపు నుంచి వస్తే చూసేవాళ్లకు ఎందుకో తెలియకుండానే బొమ్మ అబద్ధమనిపిస్తుంది.

మొదట పెద్ద బ్రష్, 400 పిక్సెళ్లది. ఫొటోను తెరంతా పట్టేలా చిన్నది చేసి చూస్తూ నల్లరంగుతో మొదలుపెడతాం. మెడకు ఇరువైపులా లోపలికి వెళ్లిన జుట్టు, చెవుల వెనక భాగం, కుడివైపు బయటి అంచుకు కాస్త లోపల: ఇవి ముదరాలి. లోపలి జుట్టు వెనక్కి జరిగితే పై జుట్టు దానంతటదే ముందుకు వస్తుంది. ఒత్తు అనే భ్రమలో సగం ఈ నీడదే. తరువాత బ్రష్ చిన్నది చేసుకుని పాపిడికి అటూ ఇటూ కుదుళ్ల మీద సన్నగా నీడ వేస్తాం. ఫ్లాష్ వెలుగుకు కుదుళ్ల మధ్య తెల్లగా బయటపడిన మాడు దీనితో అణిగి, జుట్టు అక్కడ దట్టంగా అనిపిస్తుంది. పాపిడి గీతను మాత్రం పూర్తిగా ముంచేయకూడదు. అది పోతే విగ్గు పెట్టినట్టుంటుంది.

ఇప్పుడు తెల్లరంగుకు మారి మెరుపు పట్టీ. పాపిడికీ కణతకూ మధ్య తల బాగా బయటికి వంగిన చోట, ఫొటోలో ఇప్పటికే మసకగా ఒక మెరుపు ఉంది. అక్కడే 250 పిక్సెళ్ల బ్రష్‌తో వెంట్రుకలు పడిన దిశలో పైనుంచి కిందికి చిన్నచిన్న గీతలు వేస్తాం. గీత వెంట్రుక దిశలో, గీతలన్నీ కలిసి ఏర్పడే పట్టీ అడ్డంగా. ఎడమవైపు ఎక్కువ, కుడివైపు అందులో సగం. పట్టీ పై అంచూ కింది అంచూ ఒకే వరుసలో లేకుండా, కొన్ని గీతలు పొడుగ్గా కొన్ని పొట్టిగా ఉండాలి. చక్కగా తీర్చిన పట్టీ ప్లాస్టిక్ బొమ్మ తలను గుర్తుచేస్తుంది.

ఈ రెండు దశలతోనే ముప్పావు పని అయిపోతుంది. తరువాత బ్రష్‌ను 80 పిక్సెళ్లకు తగ్గించి, భుజం మీద పడిన పాయల దగ్గరికి వెళ్లాలి. ప్రతి పాయ నడుమ ఉబ్బు మీద తెలుపు, ఒక పాయ మరో పాయ కిందికి దూరే సందులో నలుపు. బ్రష్ పాయ వెడల్పులో సగానికి మించకూడదు. ఫొటోలో ఉన్న పాయలనే దిద్దాలి, కొత్తవి కల్పించకూడదు. జడ వేసుకున్న ఫొటో అయితే ఇదే పని ఇంకా సులువు: జడలో ప్రతి మడతా ఒక చిన్న ఉబ్బు, దాని నడుమ వెలుగు, మూడు పాయలు కలిసే సందుల్లో నీడ. చివరగా కావాలంటే 5 పిక్సెళ్ల బ్రష్‌తో మెరుపు పట్టీలో అక్కడక్కడా కొన్ని వెంట్రుకలు తేల్చవచ్చు. నన్నడిగితే ఆల్బమ్ ఫొటోలకు ఈ దశ అక్కర్లేదు.

నల్లజుట్టుతో వచ్చే చిక్కులు వేరు. ఫొటోలో ఏ వివరమూ లేకుండా పూర్తి నలుపైపోయిన భాగం మీద ఈ పొరలో ఎంత తెల్లరంగు పూసినా కదలదు, ఎందుకంటే Soft Light శుద్ధమైన నలుపును మార్చలేదు. కర్వ్స్‌తో బలవంతంగా లేపితే వెంట్రుకలకు బదులు బూడిదరంగు మచ్చ, అందులో రంగురంగుల రవ్వలు వస్తాయి. అలాంటప్పుడు రా ఫైల్ ఉంటే వెనక్కి వెళ్లి, నీడలను అక్కడే కాస్త లేపి, 16 బిట్‌లో తెరిచి మొదలుపెట్టాలి. రా ఫైల్ లేకపోతే ఆ భాగాన్ని నీడగానే ఒప్పుకుని, మెరుపు ఉన్న చోటే పని చేయడం మంచిది. గోధుమ ఛాయ ఉన్న జుట్టుకు ఇంకో సమస్య: వెలుగునీడలు పెరిగేకొద్దీ రంగు కూడా చిక్కబడి నారింజకు తిరుగుతుంది. దాని పైన Hue/Saturation పొర వేసి, మాస్కుతో జుట్టుకే పరిమితం చేసి, రంగు కొంచెం తగ్గిస్తే సర్దుకుంటుంది.

పని ఎక్కువైందని పట్టుకోవడానికి తేలికైన దారి ఉంది. అన్నిటికీ పైన తాత్కాలికంగా ఒక Black & White పొర వేసి, ఫొటోను బొటనవేలి గోరంత చేసి చూడాలి. తల గుండ్రంగా కనబడితే సరే. మచ్చలు, చారలు కనబడితే అక్కడ చెయ్యి ఎక్కువ పడిందన్నమాట. జుట్టు చుట్టూ గోడ మీద తెల్లటి వలయం ఉందా, నుదుటి అంచు మురికిపట్టినట్టుందా అని కూడా ఇక్కడే తెలుస్తుంది. మెత్తని బ్రష్ అంచు దాటి పక్కకు పాకినప్పుడు అవి వస్తాయి, బూడిదరంగుతో తుడిచేయవచ్చు. అన్నీ సరిగ్గానే ఉన్నా పొర మొత్తం Opacityని 70 శాతానికి తగ్గించి చూడటం మంచి అలవాటు, ఎందుకంటే గంటసేపు చూసిన కన్ను ఆ బలానికి అలవాటుపడిపోయి ఉంటుంది.

ఈ పద్ధతి చేయలేనిదీ ఒకటుంది. జుట్టు బయటి అంచును ఇది ఒక్క పిక్సెలు కూడా పైకి జరపదు. నెత్తి నిజంగానే చప్పగా, నూనెతో అణిగిపోయి ఉంటే ముందుగా Liquifyలో పెద్ద బ్రష్‌తో నడినెత్తి అంచును కొద్దిగా పైకి నెట్టి, ఆ తరువాతే బూడిద పొర వేసుకోవాలి. వరుస తిప్పితే మన దిద్దిన నీడలు అంచుతో పాటు కదలక, పాత చోటే మిగిలిపోతాయి.