కెమెరా గడియారం తప్పినప్పుడు ఫొటోల సమయాన్ని సరిచేయడం

డిజిటల్ కెమెరాతో తీసిన ప్రతి ఫొటో ఫైలులోనూ బొమ్మతో పాటు, అది ఏ రోజు ఎన్ని గంటలకు తీసిందో సెకన్లతో సహా రాసి ఉంటుంది. కెమెరా కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో ఈ వివరాలు రాసేందుకు 1995లో జపాన్‌లో ఒక ప్రమాణం తయారైంది. దాని పేరు ఎగ్జిఫ్. ఫోన్‌లోని గ్యాలరీ అయినా, కంప్యూటర్‌లోని ఆల్బమ్ అయినా ఫొటోలను వరుసలో పేర్చేది ఈ సమయాన్ని చూసే. అయితే కెమెరాకు సమయం చెప్పేది దాని లోపలున్న చిన్న గడియారం ఒక్కటే. ఫోన్ నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చుకుని తనను తానే సరిదిద్దుకుంటుంది. మామూలు కెమెరాకు ఆ వీలు లేదు. ఎవరో ఒకసారి పెట్టిన సమయాన్నే నమ్ముకుని నడుస్తుంది.

ఈ గడియారం మూడు రకాలుగా తప్పుతుంది. మొదటిది దేశం మారడం. అమెరికాలో సమయం పెట్టిన కెమెరా ఇండియాకు వచ్చినా అమెరికా సమయమే రాస్తుంది. రెండోది మెల్లగా వెనకబడడం, లేదా ముందుకు పోవడం. గడియారాల్లోని క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షల సెకన్లకు ఇరవై సెకన్లు తేడాగా నడిచిందంటే రోజుకు రెండు సెకన్ల లోపే తప్పుతుంది. కానీ నెలకు అది దాదాపు 52 సెకన్లు. ఏడాది పాటు ఎవరూ పట్టించుకోకపోతే పది నిమిషాలు దాటుతుంది. మూడోది, బ్యాటరీ పూర్తిగా అయిపోయి గడియారం మొదటికి రావడం. అప్పుడు నిన్న తీసిన ఫొటో మీద ఎప్పుడో పదేళ్ల కిందటి జనవరి 1 పడుతుంది.

మూడింటిలోనూ ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. గడియారం చూపే వేళ తప్పు కావచ్చు గానీ, రెండు ఫొటోల మధ్య గడిచిన కాలం ఒప్పే. రెండు మూడు రోజుల వేడుకలో గడియారం కొత్తగా తప్పేది నాలుగైదు సెకన్లకు మించదు. అంటే మొదటి ఫొటోకు ఎంత తేడా ఉందో చివరి ఫొటోకూ అంతే తేడా. ఏదో ఒక ఫొటో తీసిన అసలు క్షణం కచ్చితంగా తెలిస్తే చాలు, మిగతావన్నీ అంతే మొత్తం జరిపితే సరైన చోటికి చేరతాయి. అందుకే అన్ని ఫొటోలకూ ఒకే సమయం పెట్టడం పెద్ద పొరపాటు. అలా చేస్తే ఏది ముందు, ఏది వెనక అన్న సమాచారం, అప్పటిదాకా చెక్కుచెదరకుండా ఉన్న సమాచారం, అక్కడితో పోతుంది.

పెళ్లి ఫొటోలు దీనికి మంచి ఉదాహరణ. న్యూజెర్సీలో ఉండే కుటుంబం 2024 ఆగస్టులో రాజమండ్రిలో పెళ్లికి వచ్చిందని, వాళ్ల కెమెరా గడియారం న్యూజెర్సీ సమయంలోనే ఉండిపోయిందని అనుకోవచ్చు. ముహూర్తం రాత్రి పదిన్నర దాటాక. పెళ్లివాళ్ల ఫోన్లలోని ఫొటోలన్నిటికీ సరైన సమయమే ఉంది. అన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసి చూస్తే, కెమెరాలోని జీలకర్ర బెల్లం ఫొటో మధ్యాహ్నం భోజనాల మధ్య కనిపిస్తుంది. ఫోన్‌లోని ఎదురుకోలు దాని తర్వాత సాయంత్రం వస్తుంది. ఆల్బమ్‌లో పెళ్లి ముందు జరిగి, పెళ్లివారు తర్వాత వచ్చినట్టుంటుంది.

ముందు చేయాల్సింది తేడా ఎంతో కనుక్కోవడం. దీనికి ఒకే క్షణాన్ని ఫోనూ కెమెరా రెండూ పట్టిన చోటు వెతకాలి. వధూవరుల చేతులు ఒకరి తల మీద ఒకరివి పడిన క్షణం, అడ్డుతెర కిందికి దిగిన క్షణం, ఇలాంటివి రెండు మూడు సెకన్ల తేడాలో దొరుకుతాయి. ఫోన్ ఫొటో మాత్రం అసలు ఫైలు అయ్యుండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో ఎగ్జిఫ్ వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపిస్తే ఉంటాయి.

ఫైలులో ఏ సమయం రాసి ఉందో చూడడానికి ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కెనడాకు చెందిన ఫిల్ హార్వే దీన్ని 2003 నుంచి నడుపుతున్నారు. కంప్యూటర్‌లో ఆదేశం టైపు చేసి వాడాల్సిన ప్రోగ్రామ్ ఇది. ఒక ఫొటో సమయం అడగాలంటే ఇంతే:

```
exiftool -DateTimeOriginal DSC_0412.JPG
```

కెమెరా ఫొటోకు 2024:08:22 13:04:31 అని, అదే క్షణం ఫోన్ ఫొటోకు 2024:08:22 22:42:16 అని వచ్చాయనుకుంటే, తేడా 9 గంటల 37 నిమిషాల 45 సెకన్లు. ఈ అంకెను విడదీసి చూడడం మంచిది. ఆగస్టులో న్యూజెర్సీకి, ఇండియాకు మధ్య తేడా సరిగ్గా తొమ్మిదిన్నర గంటలు. మిగిలిన 7 నిమిషాల 45 సెకన్లు గడియారం మెల్లగా వెనకబడినవి, అంటే దాదాపు తొమ్మిది నెలలుగా ఎవరూ సరిచేయలేదన్నమాట. రెండు భాగాలకూ అర్థం కుదిరింది కాబట్టి లెక్క నమ్మదగ్గది. అదే తేడా ఏ ఆరు గంటల పద్దెనిమిది నిమిషాలో వచ్చి ఉంటే, ఎంచుకున్న రెండు ఫొటోలూ ఒకే క్షణానివి కావేమో మళ్లీ చూసుకోవాలి. చలికాలంలో అమెరికా గడియారాలు ఒక గంట వెనక్కి వెళ్తాయి కాబట్టి అప్పటి తేడా పదిన్నర గంటలు. కెమెరా గడియారాన్ని ఎవరైనా ఆ మేరకు మార్చారో లేదో అన్నదాన్ని బట్టి ఇక్కడ సరిగ్గా గంట తప్పు దొర్లుతుంటుంది.

ఉమ్మడి క్షణం దొరకకపోయినా దారి ఉంది. ఆ తర్వాత కెమెరా గడియారాన్ని ఎవరూ ముట్టుకోకపోతే తేడా ఇంకా దాంట్లోనే ఉంటుంది. ఫోన్‌లో సెకన్లు చూపే గడియారం తెరిచి, దాన్ని ఆ కెమెరాతో ఒక ఫొటో తీయాలి. ఫొటోలో కనిపించే సమయం నుంచి ఫైలులో రాసి ఉన్న సమయం తీసేస్తే తేడా వచ్చేస్తుంది. ఈ ఫొటో న్యూజెర్సీకి తిరిగి వెళ్లాక తీస్తే ఫోన్ అక్కడి సమయం చూపుతుంది కాబట్టి ఏడెనిమిది నిమిషాలే బయటపడతాయి. తొమ్మిదిన్నర గంటలు విడిగా కలుపుకోవాలి. తప్పు కనిపించగానే చాలామంది చేసే మొదటి పని కెమెరా గడియారాన్ని సరిచేయడం. ఈ ఒక్క ఫొటో తీసేదాకా అది ఆపుకోవాలి.

తేడాను ఒక్క ఫొటోతో తేల్చేయకూడదు. వేడుక మొదట్లో ఒక చోట, చివర్లో అప్పగింతల దగ్గర ఒక చోట కొలవాలి. రెండూ కలిస్తే ఒకే జరుపుడు సరిపోతుంది. కలవకపోతే మధ్యలో ఎవరో గడియారం మార్చారు, లేదా బ్యాటరీ మార్చేటప్పుడు అది మొదటికి వచ్చింది. అది ఎక్కడ జరిగిందో ఫైలు నంబర్లే చెబుతాయి. కెమెరా ఫొటోలకు DSC_0412, DSC_0413 అని వరుస నంబర్లు ఇస్తుంది, దానికీ గడియారానికీ సంబంధం లేదు. నంబర్ల వరుసలో సమయాలు ఇలా చూడవచ్చు:

```
exiftool -fileOrder FileName -T -FileName -DateTimeOriginal camera
```

ఇక్కడ camera అనేది ఆ కెమెరా ఫొటోలున్న ఫోల్డర్ పేరు. నంబరు పెరుగుతూ ఉండగా సమయం ఒక్కసారిగా వెనక్కి దూకితే గడియారం మారింది అక్కడే. అక్కడికి ముందువి ఒక గుంపుగా, తర్వాతవి ఇంకో గుంపుగా విడదీసి, ఒక్కోదానికి దాని తేడా దాన్ని కొలవాలి. గడియారం ఏళ్లు వెనక్కి పోయిన ఫొటోలకు తేడాను ఏళ్లు, నెలలుగా కాకుండా మొత్తం రోజుల్లో లెక్కగట్టాలి. నెలలన్నిటికీ ఒకే పొడవు ఉండదు.

ఇక జరపడం. ముందుగా ఫోల్డర్ మొత్తానికి ఒక కాపీ తీసి వేరే చోట దాచాలి. ఆ ఫోల్డర్‌లో ఆ ఒక్క కెమెరా ఫొటోలే ఉండాలి. ఫోన్ ఫొటో ఒక్కటి కలిసినా సరిగా ఉన్నది చెడుతుంది. తర్వాత ఈ ఆదేశం:

```
exiftool "-AllDates+=0:0:0 9:37:45" camera
```

మొదటి మూడు సున్నాలు ఏళ్లు, నెలలు, రోజులు. తర్వాతవి గంటలు, నిమిషాలు, సెకన్లు. కెమెరా వెనకబడి ఉంది కాబట్టి కలపాలి, ముందుకు పోయి ఉంటే `+=` బదులు `-=` రాయాలి. `AllDates` అనడం వల్ల ఫొటో తీసిన సమయం, డిజిటల్‌గా మారిన సమయం, ఫైలు మార్చిన సమయం, మూడూ కలిసి జరుగుతాయి. కెమెరాలో మధ్యాహ్నం 2 గంటల 22 నిమిషాల 15 సెకన్లకు తీసినట్టున్న ఫొటో సరిగ్గా అర్ధరాత్రికి చేరుతుంది. ఆ తర్వాతవి వాటంతట అవే 23వ తేదీలోకి వెళ్తాయి.

ఎగ్జిఫ్‌టూల్ పాత ఫైళ్లను పేరు చివర `_original` తగిలించి పక్కన ఉంచుతుంది. ఆదేశాన్ని పొరపాటున రెండోసారి ఇస్తే మాత్రం అప్పటికే జరిగినవి మళ్లీ అంతే జరుగుతాయి. ముహూర్తం మర్నాడు ఉదయం ఎనిమిది దాటాక జరిగినట్టు కనిపిస్తే జరిగింది ఇదే. అలాంటప్పుడు `exiftool -restore_original camera` అని పాత స్థితికి తెచ్చి మొదటి నుంచి చేయడమే మేలు.

కొత్త కెమెరాల విషయంలో ఇంకో పని మిగులుతుంది. 2016 దాకా ఎగ్జిఫ్ ప్రమాణంలో టైమ్ జోన్ రాసే చోటే లేదు. ఆ ఏడాది వచ్చిన 2.31 వెర్షన్ దాన్ని చేర్చింది. ఈ ఫొటోల్లో ఆ చోట −04:00 అని ఉండి ఉంటే, సమయం ఒక్కటే జరిపితే ‘న్యూజెర్సీలో రాత్రి పదీ నలభై రెండు’ అన్న అర్థం వస్తుంది. దాన్ని చదివే ఆల్బమ్ ప్రోగ్రామ్ మళ్లీ తొమ్మిదిన్నర గంటలు కలిపి చూపవచ్చు. అందుకని దాన్నీ ఇండియాకు మార్చాలి:

```
exiftool -OffsetTime=+05:30 -OffsetTimeOriginal=+05:30 -OffsetTimeDigitized=+05:30 camera
```

జీపీఎస్ ఉన్న కెమెరా రాసే ఉపగ్రహ సమయం ఎప్పుడూ యూటీసీలోనే ఉంటుంది, అది తప్పదు. దాన్ని జరపకూడదు, `AllDates` కూడా దాన్ని ముట్టుకోదు. వీడియోల సంగతి వేరు. ప్రమాణం ప్రకారం వాటిలో యూటీసీ రాయాలి గానీ చాలా కెమెరాలు స్థానిక సమయం రాసేస్తాయి. కాబట్టి వాటిని ఫొటోలతో కలపకుండా వేరే ఫోల్డర్‌లో పెట్టి విడిగా కొలవాలి.

ఆదేశాలు టైపు చేయడం ఇష్టం లేనివారికి లైట్‌రూమ్ క్లాసిక్‌లో `Edit Capture Time` ఉంది. అన్ని ఫొటోలనూ ఎంచుకుని ఒకదానికి సరైన సమయం ఇస్తే, మిగతావీ అంతే మొత్తం జరుగుతాయి. డిజీక్యామ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లోనూ ఇదే సౌకర్యం ఉంది. గూగుల్ ఫొటోస్‌లో చేసిన మార్పు అక్కడ కనిపిస్తుందే గానీ అసలు ఫైలులోకి చేరదు. ఫొటోలను పెన్‌డ్రైవ్‌లో బంధువులకు ఇవ్వాలన్నా, ఆల్బమ్ డిజైనర్‌కు పంపాలన్నా మార్పు ఫైలులోనే జరిగి ఉండాలి.

చివరగా ఫోన్ ఫొటోలనూ కెమెరా ఫొటోలనూ ఒకే ఫోల్డర్‌లో కలిపి, తీసిన సమయం వరుసలో పెట్టి, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, మూడు చోట్ల చూడాలి. మూడు చోట్లా రెండు పరికరాల ఫొటోలూ పక్కపక్కన పడితే పని పూర్తయినట్టే. దాచిన కాపీని మాత్రం ఆ తనిఖీ అయ్యేదాకా తీసేయకూడదు.