ఫోటోకు తోడు ఒక వాక్యం
(తల్లిదండ్రులకు ఉపాధ్యాయురాలి లేఖ – వివరణ)

ఉద్దేశం

సమాచార లేఖను క్లుప్తంగా, మర్యాదగా, అపార్థానికి తావులేకుండా రాయడం ఎట్లాగో తెలుసుకోవడం. అభ్యర్థన వాక్యంలో క్రియాపదానికి ఉన్న ప్రాధాన్యాన్ని గ్రహించడం.

పాఠం

విద్యార్థి ఇంటిపనిని ఉపాధ్యాయునికి చూపాలంటే పూర్వం నోటు పుస్తకమే బడికి వెళ్ళేది. 2020లో కరోనా కారణంగా పాఠశాలలు మూతపడినప్పుడు పుస్తకానికి బదులు పుట ఫోటో సెల్‌ఫోనులో వెళ్ళడం మొదలైంది. బడులు తెరచిన తరువాత కూడా అనేకచోట్ల ఆ అలవాటు నిలిచిపోయింది. అయితే ఇందులో ఒక లోపం ఉంది. పుస్తకాన్ని చేతికి అందించే విద్యార్థి "అమ్మా, ఈ లెక్క రావడం లేదు" అని నోటితో చెబుతాడు. ఫోటో మాత్రం మౌనంగా వెళుతుంది. పంపినవారి మనసులోని మాట ఆ పుట మీద ఉండదు.

ఈ లోపం వల్ల జరిగిన ఒక పొరపాటును సరిదిద్దుకొంటూ ఒక గణితోపాధ్యాయురాలు తల్లిదండ్రులకు రాసిన లేఖను క్రింద చదవండి.

తెనాలి,
తేది : 18-07-2025.

8వ తరగతి 'బి' విభాగం విద్యార్థుల తల్లిదండ్రులకు,
నమస్కారములు.

విషయం : ఇంటిపని ఫోటోతో పాటు ఒక వాక్యం రాసి పంపడం గురించి.

గతవారం ఒక తల్లి తన కుమార్తె గణితం నోటు పుస్తకంలోని ఒక పుటను ఫోటో తీసి నాకు పంపారు. ఆ పుటలో సగభాగం ఖాళీగా ఉంది. ఫోటో క్రింద ఒక్క మాటా లేదు. "పిల్ల ఇంటిపని చేయడం లేదు, మందలించండి" అన్నదే ఆమె అభిప్రాయమని నేను భావించాను. మర్నాడు ఆ అమ్మాయిని తరగతిలో అందరి ఎదుట మందలించాను. ఆ అమ్మాయి జ్వరంతో రెండు రోజులు బడికి రాలేకపోయిందనీ, ఎక్కడివరకు రాసుకొన్నదో చూపి, అక్కడినుంచి ఏ లెక్కలు చేయాలో అడగడమే ఆ తల్లి ఉద్దేశమనీ సాయంత్రం తెలిసింది. తిరిగి అడగకుండా నాకు నేనే ఊహించుకోవడం నా పొరపాటు. ఆ మాట మరుసటి రోజు అదే తరగతిలో, ఆ అమ్మాయితో చెప్పాను. ఇటువంటిది మరల జరగకుండా మీ సహకారం కోరుతున్నాను.

ఇకమీదట ఫోటో క్రింద ఒక వాక్యం రాయండి. ఆ పుస్తకం ఎవరిది, ఏ లెక్క గురించి, నేను ఏమి చేయాలి అన్న మూడు సంగతులు అందులో ఉంటే చాలు. ఉదాహరణకు :

"8 బి, క్రమసంఖ్య 23 – 4వ లెక్కలో ఏ మెట్టు తప్పో చెప్పండి."
"8 బి, క్రమసంఖ్య 23 – రెండు రోజులు రాలేదు; చేయవలసిన లెక్కల సంఖ్యలు తెలపండి."
"8 బి, క్రమసంఖ్య 23 – 1 నుంచి 6 వరకు లెక్కలు దిద్దండి."

రాయడానికి వీలుపడనివారు ఆ వాక్యాన్ని పిల్లల చేత పుట పైభాగాన పెన్సిలుతో రాయించి ఫోటో తీయవచ్చు. లేదా అదే మాటను మీ గొంతుతో రికార్డు చేసి పంపవచ్చు. పుటకు ఒక ఫోటో చొప్పున, పైనుంచి నిటారుగా, చేతి నీడ పడకుండా తీయండి. లెక్క సంఖ్య కనబడాలి. ఫోటోను తరగతి గ్రూపులో పెట్టక నాకు మాత్రమే పంపండి. రాత్రి 7 నుంచి 8 గంటల వరకు నేను వీటిని చూస్తాను. ఆ తరువాత వచ్చినవాటికి మర్నాడు బదులిస్తాను.

ఇట్లు,
మీ పిల్లల గణితోపాధ్యాయురాలు,
(సంతకం)

వివరణ

ఈ లేఖలో మొదట గమనించవలసినది దాని ఆరంభం. "తల్లిదండ్రులు వివరం లేకుండా ఫోటోలు పంపుతున్నారు" అని మొదలుపెట్టి ఉంటే అది ఫిర్యాదు అయ్యేది. చదివినవారు ఇకమీదట ఫోటోలు పంపడమే మానివేసే ప్రమాదం ఉంది. ఈ ఉపాధ్యాయురాలు జరిగిన సంఘటనను చెప్పి, అందులో తన పొరపాటును ముందుగా ఒప్పుకొన్నది. తల్లి పేరును గాని, విద్యార్థిని పేరును గాని ఎత్తలేదు. కావున లేఖలోని అభ్యర్థన ఆజ్ఞగా తోచదు. ఒక పిల్లకు అకారణంగా మాట పడిందన్న కారణం చదువరికి అర్థమవుతుంది. ఎవరినైనా ఒక కొత్త పని చేయవలసిందిగా కోరినప్పుడు, ఆ పని లేకపోవడంవల్ల జరిగిన నష్టాన్ని ఒక్క ఉదాహరణతో చూపడం మంచి లేఖా పద్ధతి.

రెండవది, ఆమె కోరిన వాక్య నిర్మాణం. పదాల కూర్పు వాక్యం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు ఉండాలని మన శాస్త్రకారులు చెప్పారు. వీటిలో ఆకాంక్ష అనగా ఒక పదం విన్నంతనే దానికి కావలసిన మరొక పదాన్ని మనసు కోరడం. "పుస్తకాన్ని" అని ఆగిపోతే, తేవాలా, ఇవ్వాలా, దాచాలా అని వినేవాడు క్రియకోసం ఎదురుచూస్తాడు. మాట లేని ఫోటో సరిగ్గా ఇటువంటిదే. అది కర్మను చూపుతుంది గాని క్రియను చెప్పదు. క్రియ దొరకనప్పుడు చూసేవాడు తనకు తోచిన క్రియను చేరుస్తాడు. ఆ తల్లి మనసులోని క్రియ "తెలపండి". ఉపాధ్యాయురాలు చేర్చుకొన్న క్రియ "మందలించండి". జరిగిన అనర్థమంతా ఈ రెండు క్రియల మధ్య ఉన్నది.

క్రియ ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. "ఒకసారి చూడండి" అని చాలామంది రాస్తారు. చూసి ఏమి చేయాలో ఆ వాక్యం చెప్పదు. "అర్థం కాలేదు" అన్నదీ అటువంటిదే. ప్రశ్న అర్థం కాలేదో, పద్ధతి అర్థం కాలేదో, ఉపాధ్యాయురాలు ఎర్రసిరాతో రాసినది అర్థం కాలేదో తెలియదు. దిద్దండి, తెలపండి, ఫలానా మెట్టు వివరించండి అన్నవి పనిని నిర్దేశించే క్రియలు. రాసిన వాక్యం సరిగా ఉన్నదో లేదో పరీక్షించడానికి ఒక సులభోపాయం ఉంది. ఆ వాక్యాన్ని చదివిన మనిషి తిరిగి "అయితే నన్ను ఏమి చేయమంటారు?" అని అడిగే అవకాశం ఉంటే అది ఇంకా పూర్తికాలేదన్నమాట.

ఒక ఉదాహరణను పూర్తిగా పరిశీలిద్దాం. 3(x − 4) = 15 అయితే x విలువ కనుగొనమన్నది 4వ లెక్క అనుకొందాం. విద్యార్థిని ఇట్లా చేసింది :

3x − 4 = 15
3x = 19
x = 19/3

పుస్తకం చివర ఇచ్చిన జవాబు 9. తన జవాబు తప్పని ఆ అమ్మాయికి తెలుసు. ఎక్కడ తప్పిందో తెలియదు. తల్లి ఆ పుటను ఫోటో తీసి మాట లేకుండా పంపిందనుకోండి. ఉపాధ్యాయురాలు పుటలోని ఆరు లెక్కలనూ చదివి, ఐదింటికి టిక్కులు పెట్టి, నాలుగవదానికి ఇంటూ గుర్తు పెడుతుంది. ఆమెకు శ్రమ అయింది. విద్యార్థినికి మాత్రం అంతకుముందే తెలిసిన సంగతి తప్ప మరేమీ తెలియలేదు. అదే ఫోటో క్రింద "8 బి, క్రమసంఖ్య 23 – 4వ లెక్కలో ఏ మెట్టు తప్పో చెప్పండి, జవాబు 9 రావాలి" అని ఉంటే, ఉపాధ్యాయురాలి చూపు నేరుగా మొదటి మెట్టు మీద పడుతుంది. "బ్రాకెట్టు తీసేటప్పుడు 3తో 4ను కూడా గుణించాలి; 3x − 12 = 15 అని మొదలుపెట్టి మళ్ళీ చేయి" అని బదులిస్తుంది. అప్పుడు 3x = 27, x = 9 అని విద్యార్థిని తానే సాధిస్తుంది. ఉపాధ్యాయురాలు జవాబును ఇవ్వలేదు. దారిని మాత్రమే చూపింది. ప్రశ్న స్పష్టంగా ఉన్నందువల్లనే ఆ విధంగా చూపడం సాధ్యమైంది.

మూడవది, చదువురాని తల్లిదండ్రులను గురించిన జాగ్రత్త. "ఒక వాక్యం రాయండి" అన్న కోరిక కొందరికి భారం కాగలదు. రాయలేక, ఆ సంగతి చెప్పుకోలేక వారు మౌనంగా తొలగిపోతారు. అందుకే లేఖలో రెండు మార్గాలు సూచింపబడ్డాయి. వీటిలో పుట మీదనే పెన్సిలుతో రాయించడం మరింత ప్రయోజనకరం. ఫోటో క్రింద రాసిన మాట ఫోటో నుంచి విడిపోవచ్చు. నాలుగు ఫోటోలు ఒకేసారి పంపినప్పుడు ఏ మాట ఏ ఫోటోకు చెందినదో తెలియకపోవచ్చు. పుట మీది మాట ఎక్కడికి వెళ్ళినా బొమ్మతోనే ఉంటుంది. పైగా తన సందేహాన్ని తానే వాక్యంగా కూర్చవలసి రావడంతో, తనకు తెలియనిది ఏదో విద్యార్థికి ముందుగా స్పష్టమవుతుంది.

ఫోటోను గ్రూపులో పెట్టవద్దనడం కూడా కారణం లేకుండా చెప్పిన మాట కాదు. ఒక విద్యార్థి తప్పులు నలభై ఇళ్ళలో కనబడనవసరం లేదు. తరగతిలో అందరి ఎదుట మందలించి నొచ్చుకొన్న ఉపాధ్యాయురాలు ఈ జాగ్రత్త చెప్పడం సహజం.

చివరగా, ఈ పద్ధతికి గల హద్దును కూడా గుర్తించాలి. పిల్లవాడు నెలరోజులుగా చదువు మీద మనసు పెట్టడం లేదన్నా, ఇంట్లో అనారోగ్యమో మరే ఇబ్బందో ఉన్నదన్నా అది ఒక వాక్యంలో ఇమిడే సంగతి కాదు. అటువంటప్పుడు రాయవలసిన వాక్యం వేరు : "8 బి, క్రమసంఖ్య 23 – మీతో మాట్లాడాలి, ఎప్పుడు ఫోను చేయమంటారో తెలపండి." ఇందులోనూ ఎవరు, ఏమి, ఏ క్రియ అన్న మూడూ ఉన్నాయి. చెప్పవలసినదంతా వాక్యంలో కుక్కలేదు. ఎదుటివారు చేయవలసిన పనిని మాత్రం చెప్పింది.

కఠిన పదాలకు అర్థాలు

తావు = చోటు, అవకాశం
అనర్థం = కీడు
నిర్దేశించు = ఇది అని స్పష్టంగా చెప్పు
అకారణంగా = కారణం లేకుండా

అభ్యాసం

1. ఉపాధ్యాయురాలు లేఖను తన పొరపాటుతో ఎందుకు ప్రారంభించింది? మీ మాటల్లో రాయండి.
2. "ఆకాంక్ష" అనగానేమి? మాట లేని ఫోటోకు అది ఎట్లా వర్తిస్తుంది?
3. క్రింది వాక్యాలను, చదివినవారు తిరిగి ప్రశ్నించే అవసరం లేకుండా మార్చి రాయండి.
   (అ) సార్, ఒకసారి చూడండి.
   (ఆ) మా బాబు నిన్న రాలేదు.
   (ఇ) ఈ పద్యం అర్థం కాలేదు.
4. మీ కళాశాల గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకంలో రెండు పుటలు చినిగి ఉన్నాయి. ఆ పుటల ఫోటోను గ్రంథపాలకునికి పంపుతూ దాని క్రింద రాయవలసిన ఒక్క వాక్యాన్ని రాయండి.