మొదటి మూడు మీటర్లు

అండమాన్‌లో పగడపు దిబ్బలు చూడాలని ఉండి, నీళ్లంటే బెదిరేవాళ్లు టికెట్లు తీసే ముందు పంచాంగం చూసుకోవాలి. నైరుతి వానలు మే నుంచి సెప్టెంబరు దాకా, ఈశాన్య వానలు ఆ తర్వాత సముద్రాన్ని కలచివేస్తాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. ఆ నెలల్లోనూ పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆటుపోట్లు పెద్దవి. ప్రవాహం పెరిగి, ఇసుక లేచి నీరు మసకబారుతుంది. ఎదురుగా ఏమీ కనపడకపోవడమే కొత్తవాళ్లని ఎక్కువగా కంగారుపెడుతుంది. అష్టమి దగ్గర రోజులు వీళ్లకి నయం.

హేవ్‌లాక్ దీవిలో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) మొదటి రోజు నడుంలోతు నీళ్లే చాలు. మాస్కు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే అతుక్కుని ఉండాలి. జారిపోతే ఆ సైజు మీకు కాదు. అంచు కింద వెంట్రుక ఉన్నా నీరు కారుతుంది, మీసాలవాళ్లకి మరీనూ. నీరు చేరితే తల కాస్త పైకెత్తి, మాస్కు పై అంచు నొక్కి, ముక్కుతో గాలి వదిలితే బయటికి పోతుంది. అక్కడే నిలబడి దీన్ని నాలుగైదు సార్లు చేశాక, ముఖం నీళ్లలో పెట్టి గొట్టంతో నోటి ద్వారా ఊపిరి తీసుకోండి. ఊపిరి నెమ్మదించేదాకా లోతుకి వెళ్లకండి. కాళ్లు పగడాల మీద మోపకండి, అవి ప్రాణమున్నవి.

స్కూబాలో కొత్తవాళ్లని శిక్షకుడు పక్కనే ఉండి తీసుకెళ్తాడు, ఈత రాకపోయినా ఫర్వాలేదు. కష్టమంతా మొదటి మూడు మీటర్లలోనే ఉంటుంది. పైనున్న ఒత్తిడి పది మీటర్ల లోతుకి రెట్టింపవుతుంది, చెవిలో గాలి వేగంగా కుంచించుకుపోయేది ఆ మొదట్లోనే. అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకుండా, దిగీ దిగగానే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలి, తర్వాత ప్రతి మీటరుకూ ఊదుతూ ఉండాలి. చెవి తెరుచుకోకపోతే బలంగా ఊదొద్దు, కాస్త పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబు ఉంటే ఆ రోజు దిగకూడదు. ఆస్తమా, గుండెజబ్బు ఉంటే ముందే డాక్టరుని అడగాలి, ఫారంలో దాచకూడదు. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పైకి వస్తున్నప్పుడు ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, బిగబడితే వాటికే దెబ్బ.

సైగల్లో ఒకటి తికమకపెడుతుంది. బొటనవేలు పైకెత్తితే నీళ్లలో 'పైకి పోదాం' అని అర్థం. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. భయం వేస్తే ఆ బొటనవేలే ఎత్తండి, శిక్షకుడు కారణం అడగకుండా తీసుకొస్తాడు.

తిరుగు విమానం విషయమూ ముందే లెక్క వేసుకోండి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకంటే ఎక్కువ చేస్తే 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. అందుకని డైవింగ్‌ని ప్రయాణం మొదట్లో పెట్టుకుని, చివరి రోజు ఊరు చూడటానికి ఉంచుకోండి.