చెప్పు పట్టీ బిగుసుకుంటే

అరవై ఏళ్ల మనిషి. పదేళ్లుగా షుగరు. రాత్రి ఇన్సులిన్, పొద్దున మాత్ర. కొత్త మాత్ర మొదలుపెట్టిన ఐదో వారంలో సాయంత్రానికి చెప్పు పట్టీ బిగుసుకుపోతోంది. వారంలో రెండు కిలోల బరువు పెరిగింది. ఇది ఊహించి చెబుతున్న కేసే గానీ, డాక్టర్లకు కొత్తది కాదు. మాత్రల అట్ట వెనక్కి తిప్పి చూస్తే మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ పక్కన మూడో పేరు కనిపిస్తుంది: పయోగ్లిటజోన్, 15 మిల్లీగ్రాములు.

టైప్ 2 షుగరులో చాలామందికి ఇన్సులిన్ ఉంటుంది. దాని మాట కండరాలు, కాలేయం వినవు. అక్కడ చేరకూడని కొవ్వు చేరడం ఇందుకు ఒక పెద్ద కారణం. పయోగ్లిటజోన్ కొవ్వు కణం కేంద్రకంలోని పీపీఏఆర్ గామా అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. చర్మం కింద చిన్న చిన్న కొత్త కొవ్వు కణాలు పుడతాయి. రక్తంలో తిరిగే కొవ్వు ఆమ్లాలు వాటిలోకి వెళ్తాయి. కాలేయానికీ కండరాలకీ బరువు తగ్గి, ఇన్సులిన్ మాట మళ్లీ చెల్లుతుంది. జన్యువుల ద్వారా సాగే పని కాబట్టి పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. రెండు వారాలకే పనిచేయలేదని మానేయడం తొందరపాటు.

చిక్కంతా ఆ గ్రాహకం మూత్రపిండాల్లోనూ ఉండటం వల్లే. అక్కడ అది మూత్రంలో పోవాల్సిన ఉప్పును వెనక్కి లాగుతుంది. ఉప్పు వెంట నీరూ వస్తుంది. ఇన్సులిన్ కూడా ఉప్పును పట్టి ఉంచుతుంది కనుక రెండూ కలిస్తే వాపు ఎక్కువ.

ఈ మందు గుండె కండరాన్ని దెబ్బతీయదు. కానీ పెరిగిన నీటిని బలహీనమైన గుండె తోడలేకపోతే అది ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అంతకుముందే గుండె, రక్తనాళాల జబ్బులున్న 5,238 మందిపై జరిగిన ప్రోయాక్టివ్ అధ్యయనం 2005లో వెలువడింది. మందు వాడినవారిలో దాదాపు 11 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 8 శాతం మందికి గుండె వైఫల్యం కనిపించింది. 2007లో అమెరికా ఔషధ సంస్థ పెట్టె కట్టి మరీ హెచ్చరిక ముద్రించాలంది. గుండె వైఫల్యం ఉన్నవారికి ఈ మాత్ర తగదు.

ఈ మందుతో కొవ్వు బరువూ పెరుగుతుంది, అయితే నెలల మీద. రోజుల్లో పెరిగితే అది నీరే అనుకోవాలి. ముంగాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే సొట్ట నిలుస్తుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కూడా పాదాలు వాచేలా చేస్తుంది కానీ, దానితో సాధారణంగా ఆయాసం రాదు. వెల్లకిలా పడుకోలేక రెండో దిండు కావాల్సి వస్తే, రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటే, ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మన మనిషికి డాక్టరు పయోగ్లిటజోన్ ఆపి, గుండెకు ఎకో తీయించి, ఇన్సులిన్ మోతాదు సరిచేస్తారు. వట్టి మూత్రం మాత్రలతో ఈ వాపు అంతగా లొంగదు. మందు ఆపితే క్రమంగా దిగుతుంది. ఆ తర్వాత ఆయన ఫైలు అట్ట మీద ఈ మందు పేరు పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోవాలి. మూడు మందులు కలిసిన మాత్ర రేపు మరో కంపెనీ పేరుతో రావచ్చు, లోపల ఉండేది మాత్రం అదే.